ы పలకాలంటే ముందు దాని ముందున్న హల్లును పట్టుకోవాలి

ప్రశ్న: "మాది హన్మకొండ. ఎంబీబీఎస్‌కు రష్యా పోతున్న. రెండు నెలలసంది రష్యన్ నేర్చుకుంటున్న. ы అనే అక్షరం ఎంత పలికినా ఇ లెక్కనో, ఉయ్ లెక్కనో వస్తుంది. మెత్తని హల్లులకు యవత్తు పెట్టి పలికితే సరిపోతదా? మన తెలుగుల వీటికి దగ్గరి శబ్దాలు ఏమన్న ఉన్నయా?"

యవత్తు సరిపోదు. కొన్నిచోట్ల మాట అర్థమే మారిపోతుంది. ы కి సరిపోయే అచ్చు కూడా తెలుగులో లేదు. కానీ ఈ రెండింటికీ కావలసిన నాలుక కదలికలు మాత్రం మీకు చిన్నప్పటినుంచీ వచ్చు. ఒకటి ఈ, రెండోది ఊ.

మెత్తని హల్లు అంటే నాలుక నడుమ భాగం ఈ పలికేచోట ఉండగా పలికే హల్లు. గట్టి హల్లు అంటే నాలుక వెనకభాగం ఊ వైపు లేచి ఉండగా, పెదవులు మాత్రం గుండ్రంగా చుట్టకుండా పలికే హల్లు. ఆ గట్టి హల్లును వదిలేటప్పుడు పెదవులు చుట్టకుండానే గొంతు కలిపితే ы వస్తుంది.

నేను హైదరాబాద్‌లోని విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో రష్యన్ చదివాను. కొన్నేళ్ళు దుబాసీగా పనిచేసి, ఇప్పుడు హన్మకొండలోనే రష్యా వెళ్ళే పిల్లలకు భాష చెబుతున్నాను. మీరు అడిగినది ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. ఎక్కువమంది ы ని ఒక సమస్యగా, మెత్తని హల్లులను ఇంకో సమస్యగా విడదీసి సాధన చేస్తారు. రోజుకు వందసార్లు ы, ы, ы అని ఒంటిగా అంటారు. ఒంటిగా బాగానే వస్తుంది. మాటలో పెట్టగానే పోతుంది. దానికి కారణం హల్లులో ఉంది, అందుకే అటునుంచి చెప్తాను.

ముందు ы సంగతి

అద్దం ముందు కూర్చోండి. ఊ అని సాగదీయండి. పెదవులు ముందుకు వచ్చి గుండ్రంగా ఉంటాయి. ఇప్పుడు గొంతు ఆపకుండా, నాలుకను కదపకుండా, పెదవులను మాత్రం మెల్లగా నవ్వినట్టు పక్కలకు లాగండి. శబ్దం మారుతుంది. అది ఊ కాదు, ఈ కాదు, కొంచెం మూలుగులాగా వినిపిస్తుంది. అక్కడినుంచి నాలుకను ఒక్క వెంట్రుకవాసి ముందుకు తీసుకొస్తే రష్యన్ ы.

ఇక్కడ నూటికి తొంభైమంది చేసే తప్పు ఒకటే. పెదవులు లాగగానే నాలుక కూడా ముందుకు ఉరుకుతుంది. తెలుగులో పెదవులు చుట్టకుండా నాలుక పైకి లేచే అచ్చు ఇ, ఈ తప్ప ఇంకోటి లేదు. కాబట్టి పెదవులు సాగితే నాలుక ఈ దగ్గరికి వెళ్ళడం మనకు అలవాటైపోయింది. ఆ ముడి విప్పాలంటే పెన్సిలు సాయం తీసుకోండి. పెన్సిలును అడ్డంగా పళ్ళ మధ్య పట్టుకుంటే పెదవులు చుట్టడానికి వీలుండదు. అలాగే పట్టుకుని ఊ అనడానికి ప్రయత్నించండి. ఊ రాదు, దానికి బదులు వచ్చేదే మనకు కావలసింది. వారం రోజులు ఇలా చేసి, తర్వాత పెన్సిలు తీసేయండి.

మీరు చెప్పిన 'ఉయ్' ఎందుకు వస్తుందో కూడా ఇందులోనే ఉంది. ఊ తో మొదలుపెట్టి మధ్యలో ఈ కి జారిపోతున్నారు. мы (మేము) అనబోయి 'ముయ్' అంటున్నారు. రికార్డు చేసుకుని వినండి. శబ్దం మొదట్లో ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉంటే సరి. చివర్లో ఈ వినిపిస్తే నాలుక జారిందని అర్థం. మ, బ, వ, ప తర్వాత రష్యన్ల నోట్లో కూడా ఒక చిన్న ఉకారపు నీడ వినిపిస్తుంది కాబట్టి మన చెవి మోసపోతుంది. ఆ నీడ పెదవులు విడివడేటప్పుడు దానంతట అదే వచ్చేది. మనం కావాలని తెచ్చుకోవద్దు.

ఊ నుంచి పెదవులు తీసేస్తే ы అని నేను చెప్పేది సాధన కోసం అల్లిన చిట్కా మాత్రమే అనుకోకండి. ఈ అచ్చు పుట్టిందే అలా. ఒకప్పటి దీర్ఘ ఊకారం స్లావ్ భాషల్లో పెదవుల గుండ్రం పోగొట్టుకుని ы అయింది. అందుకే సంస్కృతంలో ఊ ఉన్నచోట రష్యన్‌లో ы కనిపిస్తుంది. ధూమం అక్కడ дым, అంటే పొగ. మూషికంలోని మూష అక్కడ мышь, అంటే ఎలుక. సూనుడు అంటే కొడుకు, అక్కడ сын. భూ ధాతువుకు 'ఉండు, అగు' అని అర్థం కదా, అక్కడ быть అంటే ఉండడం. నేను మొదటి క్లాసులో ఈ నాలుగు మాటలే బోర్డు మీద రాస్తాను. ధూమ్ అని పలికించి, పెదవులు తీసేయమంటాను. дым దాదాపు దానంతట అదే వస్తుంది. మొదట్లోనే 'దిమ్' అని నేర్చుకున్నవాళ్ళకు అది మాన్పించడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, హల్లు

был అంటే 'ఉండెను', бил అంటే 'కొట్టెను'. мышка అంటే చిట్టెలుక, мишка అంటే ఎలుగుబంటి బొమ్మ. మనకు ఈ జంటల్లో అచ్చు ఒక్కటే తేడాగా వినిపిస్తుంది. రష్యన్ చెవికి మాత్రం తేడా అంతకు ముందే, బ్, మ్ దగ్గరే మొదలవుతుంది. был లో బ్ గట్టిది, бил లో బ్ మెత్తది. మాస్కో సంప్రదాయంలో భాషాశాస్త్రజ్ఞులు ы ని వేరే అచ్చుగా లెక్కపెట్టరు. గట్టి హల్లు తర్వాత и తీసుకునే రూపమే ы అంటారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ సంప్రదాయం వాళ్ళు వేరే అచ్చే అంటారు. ఆ వాదన వాళ్ళకు వదిలేద్దాం. నేర్చుకునేవాళ్ళకు మాత్రం మాస్కో వాళ్ళ మాట ఎక్కువ పనికొస్తుంది. హల్లు గట్టిగా పట్టుకుంటే ы తప్పే అవకాశం తక్కువ.

అచ్చును బట్టి హల్లు మారడం తెలుగులోనూ ఉంది, మనం గమనించం. 'చలి' అనండి, 'చీమ' అనండి. రాసేది ఒకే చ. పలికేది రెండు. చలిలో నాలుక కొస పళ్ళ దగ్గర ఉంటుంది, పాతకాలపు పుస్తకాల్లో దానికి ౘ అని వేరే గుర్తు కూడా వేసేవారు. చీమలో నాలుక నడుమ భాగం అంగిలికి తాకుతుంది. మనకు చ, జ ల్లో మాత్రమే ఉన్న ఈ గట్టి-మెత్తని పద్ధతి రష్యన్‌లో పదిహేను జంటలకు ఉంది. పైగా అక్కడ అచ్చుతో పనిలేకుండా, మాట చివర్లో కూడా నిలబడుతుంది. ఇంకో లాభం ఏమిటంటే, ఎప్పుడూ గట్టిగానే ఉండే ц మన చలిలోని ౘ. ఎప్పుడూ మెత్తగానే ఉండే ч మన చీమలోని చ. ఈ రెంటికీ మీరు విడిగా సాధన చేయక్కర్లేదు.

అలాగే ш మన ష కి దగ్గర, щ మన శ ని సాగదీస్తే వచ్చేదానికి దగ్గర. మన దగ్గర మాటల్లో శ, ష ఒకటైపోయి చాలామందికి ఆ తేడా పోయింది. మీకు పోయి ఉంటే, తెలుగు వాచకం తీసి 'విశేషం' అని నెమ్మదిగా పలుకుతూ ముందు అది తెచ్చుకోండి.

యవత్తు ఎందుకు పనికిరాదు

'సత్యం' తీసుకోండి. ఛందస్సు చదివినవాళ్ళకు తెలుసు, అందులో స గురువు అవుతుంది. ఎందుకంటే త్, య్ రెండు హల్లులు వరసగా వచ్చాయి. త్ ముందు అక్షరానికి ఊతంగా నిలబడుతుంది, య తర్వాతి అక్షరాన్ని మోస్తుంది. రష్యన్ మెత్తని హల్లు ఒకే హల్లు. రెండుగా చీలదు, ముందు అక్షరాన్ని బరువు చేయదు. Таня అనే పేరును మనం తాన్య అని రాస్తాం, తాన్-య అని పలుకుతాం. రష్యన్లు తా దగ్గర ఆగి, తర్వాత మెత్తని న ఒకేసారి వదులుతారు.

రష్యన్‌లో మెత్తని హల్లు వేరు, మెత్తని హల్లు తర్వాత య రావడం వేరు. రెండూ ఉన్నాయి, వాటితో మాటలూ వేరు. лёд అంటే మంచుగడ్డ, льёт అంటే పోస్తున్నాడు. మాట చివర ద్ కూడా త్ అయిపోతుంది కాబట్టి, ఈ రెంటికీ వినిపించే తేడా మధ్యలోని ఆ య ఒక్కటే. మీరు యవత్తు పెట్టి 'ల్యోత్' అంటే మంచుగడ్డ అనబోయి పోస్తున్నాడు అన్నట్టే. Коля అనేది మనిషి పేరు, колья అంటే గుంజలు. ఇంకా దగ్గరి జంట сесть, съесть. మొదటిది కూర్చోవడం, రెండోది తినేయడం. ఆ మధ్యలో ఉన్న ъ అనే గుర్తు పనే య ను విడిగా నిలబెట్టడం.

మరి ఒకే హల్లుగా ఎలా పలకాలి? న తో మొదలుపెట్టండి, అదే అన్నిటికంటే తేలిక. 'మంద' అని, 'మంచి' అని మార్చి మార్చి అనండి. రెండింట్లో రాసేది సున్నే. మందలో ఆ సున్న దగ్గర నాలుక కొస పై పళ్ళను తాకుతుంది. మంచిలో నాలుక వెడల్పుగా అంగిలికి అతుక్కుంటుంది. ఇప్పుడు 'మంచి' అనబోయి చి పలకకుండా సున్న దగ్గరే ఆగిపోండి. ముక్కులోంచి వస్తున్న ఆ శబ్దం రష్యన్ మెత్తని న కి చాలా దగ్గర. మన వర్ణమాలలో ఞ అని దానికి అక్షరం కూడా ఉంది. దాన్ని అలాగే పట్టుకుని день (రోజు) అనండి. చివర య రాలేదు, ఇ రాలేదు, అయినా మెత్తగా ఉంది. మెత్తదనం అంటే ఏమిటో నోటికి ఒకసారి తెలిస్తే మిగతావి దీన్నే అనుసరిస్తాయి.

పెదవులతో పలికే హల్లుల దగ్గర పిల్లలు తికమకపడతారు. పెదవులు మూసుకుంటే నాలుకకు పనేముందని అడుగుతారు. семь (ఏడు) చివర మ్ చూడండి. పెదవులు మూసేటప్పటికే నాలుక ఈ దగ్గర ఉండాలి. మూసిన పెదవుల వెనక ఈ అంటున్నట్టు అనుకుని మ్ అని మూలగండి. తర్వాత ఊ అనుకుని మ్ అనండి. రెండు మూలుగులకూ తేడా మీకే వినిపిస్తుంది, మొదటిది సన్నగా, రెండోది లావుగా.

త, ద ల గురించి ఒక మాట. మెత్తని త లో సన్నని ఈల లాంటి శబ్దం కలుస్తుంది. మనవాళ్ళు దాన్ని చ అనుకుని пять (అయిదు) ను 'ప్యాచ్' అంటారు. నాలుక కొసను కింది పళ్ళ వెనక ఆనించి, కొస వెనకున్న భాగంతో త అనండి. చ కి వెళ్ళదు. ఇక గట్టి т, д లు మన 'త', 'ద' లే. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు టీ అనే అక్షరం చూడగానే ట అంటారు. брат ను 'బ్రాట్' అంటారు. రష్యన్‌లో ట, డ లు లేవు. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు మర్చిపోయి తెలుగు పలుకండి.

మాట చివర ఉ, ఇ తగిలించే అలవాటు

తెలుగు అజంత భాష. బస్ మనకు బస్సు, రైల్ మనకు రైలు. కాబట్టి брат (అన్న లేక తమ్ముడు) మన నోట్లో 'బ్రాతు' అవుతుంది, брать (తీసుకోవడం) 'బ్రాతి' అవుతుంది. అక్కడి అధ్యాపకులు దీన్ని తప్పు అంటారు, అది తప్పే. కానీ నేను మొదట ఈ తప్పును ఆపను, వాడుకుంటాను.

పాత స్లావ్ భాషలో మాటలు నిజంగానే అలా ఉండేవి. ఇప్పుడు మెత్తని గుర్తు అని పిలిచే ь అప్పట్లో అతి పొట్టి ఇకారం లాంటి అచ్చు. గట్టి గుర్తు ъ అతి పొట్టి ఉకారం లాంటి అచ్చు. తర్వాత అచ్చులు ఎగిరిపోయాయి, అవి హల్లు మీద వేసిన ముద్ర మిగిలిపోయింది. 1918 లో లిపిని సంస్కరించేవరకు брат ను చివర ъ పెట్టి братъ అనే రాసేవారు.

అదే దారిలో మీరూ నడవండి. 'బ్రాతీ' అని పూర్తిగా అనండి. తర్వాత చివరి ఈ ని గుసగుసగా అనండి. తర్వాత ఆ గుసగుస కూడా తీసేయండి, నాలుకను మాత్రం ఈ దగ్గర్నుంచి కదపకండి. అది брать. రెండోదానికి 'బ్రాతు'తో మొదలుపెట్టి, పెదవులు చుట్టకుండా అదే పని చేయండి. అది брат. ఒక్కో జంటకు రోజూ పదిసార్లు చాలు.

వినేటప్పుడు ఒక సంగతి గమనించండి. మెత్తదనం త్ దగ్గర వెతికితే సరిగా వినపడదు, దాని ముందున్న ఆకారం చివర్లో వినండి. నాలుక అప్పటికే ఈ వైపు లేవడం మొదలుపెడుతుంది కాబట్టి ఆ ఆకారం కొంచెం సన్నబడుతుంది. రష్యన్లు వినేది చాలావరకు అదే. దాన్ని పెంచి 'బ్రాయ్‌త్' చేయకండి.

ఈ చివరి మెత్తదనం వ్యాకరణానికి కూడా కావాలి. говорит అంటే మాట్లాడుతున్నాడు, говорить అంటే మాట్లాడడం. కొన్ని వందల క్రియలకు ఇంతే తేడా.

ల, బొగ్గు, మూల

తెలుగువాళ్ళకు మిగతా హల్లులన్నీ కుదిరాక కూడా చివరిదాకా సతాయించేది ల. కిందటేడు భూపాలపల్లి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, తండ్రి సింగరేణిలో పని. బొగ్గు అనే మాట రష్యన్‌లో ఏమిటని మొదటిరోజే అడిగాడు. уголь అని చెప్పాను. గుర్తు లేకుండా угол అంటే మూల. రెండు మాటల్లోనూ ఊనిక మొదటి ఉ మీదే. తేడా అంతా చివరి ల లోనే.

ఇద్దరం ఒక ఆట పెట్టుకున్నాం. రెండు మాటలూ కలగలిపి ఇరవై చీటీలు. నేను అటు తిరిగి కూర్చుంటాను, అతను చీటీ తీసి చదువుతాడు, నాకు వినపడ్డది నేను రాస్తాను. చీటీల్లో సగం మూలలు, సగం బొగ్గులు. మొదటిరోజు నేను రాసినవాటిలో పదిహేడు బొగ్గులే.

కారణం సులువు. మన తెలుగు ల రష్యన్ గట్టి ల కీ, మెత్తని ల కీ నడుమ ఉంటుంది. అయితే రష్యన్ గట్టి ల చాలా లావైన శబ్దం. ఆ లావు లేని ల ఏదైనా రష్యన్ చెవికి మెత్తగానే తోస్తుంది. అతనికి ఇది చెప్పగానే రెండోరోజు గట్టి ల కోసం ళ పట్టుకొచ్చాడు, 'ఉగళ్' అని. ళ కి నాలుక కొస వెనక్కి మడతపడుతుంది. రష్యన్ ల కి కొస ముందుకే ఉండాలి, పై పళ్ళకే ఆనాలి, లేవవలసింది నాలుక వెనకభాగం.

మూడోరోజునుంచి ఇలా చేయించాను. ఊ అని పట్టుకో. పెదవులు చుట్టకు. నాలుక వెనకభాగాన్ని అక్కడే ఉంచి, కొసను మాత్రం లేపి పై పళ్ళకు ఆనించు. గొంతు ఆపకు. వచ్చే శబ్దమే గట్టి ల. మొదట్లో కొసను పళ్ళ మధ్య కొద్దిగా కొరికి పట్టుకోమన్నాను, అలా చేస్తే ళ కి మడతపడే వీలుండదు. మెత్తని ల కి ఈ అని పట్టుకుని అదే పని. మూడు వారాల తర్వాత చీటీల ఆట మళ్ళీ ఆడాం. ఇరవైలో రెండే తప్పాయి, రెండూ వేగంగా చదివినవి.

ఆ అబ్బాయికి ల కుదరగానే был కూడా కుదిరింది. ы కోసం విడిగా ఏమీ చేయించలేదు. మాట రెండు వైపులా గట్టి హల్లులు ఉంటే మధ్యలో నాలుక ఈ కి వెళ్ళడానికి దారే ఉండదు. కాబట్టి మీ సాధనకు మొదటి మాటలుగా был, дым, сын, సబ్బు అనే అర్థం ఉన్న мыло లాంటివి తీసుకోండి. ты (నువ్వు), вы (మీరు) లాంటి అచ్చుతో ముగిసేవి తర్వాత. బొగ్గుధూళితో సహా ఏ ధూళికైనా రష్యన్‌లో пыль అంటారు. అందులో ప గట్టిది, ల మెత్తది, ఒకే అచ్చు మీద నాలుక వెనకనుంచి ముందుకు రావాలి. అది నెల తర్వాత పట్టుకోండి.

మీరు మొదటిరోజే చెప్పబోయే వాక్యం

హాస్టల్లో అడుగుపెట్టగానే ఎవరో ఒకరు ఎక్కడినుంచి అని అడుగుతారు. Я из Индии, నేను ఇండియానుంచి, అంటారు. ఆ చిన్న వాక్యంలో ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఉన్నాయి.

పుస్తకంలో ఆ దేశం పేరు и తో మొదలవుతుంది. విడిగా అంటే 'ఇన్దియ'. కానీ ముందున్న из లోని జ గట్టిది, రెండు మాటలూ కలిపి ఒకే ఊపులో పలుకుతారు. గట్టి హల్లు తర్వాత и ఉండలేదు కాబట్టి అది ы అవుతుంది. రాసేది и, వినిపించేది ы. మనకు సంధి తెలుసు కాబట్టి ఇది వింతగా అనిపించకూడదు. పిల్లలు ఇక్కడ రెండు మాటల మధ్య ఆగుతారు, లేదా మాట మొదట్లో ఇ వచ్చినప్పుడు మన అలవాటు ప్రకారం య చేర్చి 'ఇజ్ యిన్దియి' అంటారు. జ కూడా మన 'జీతం'లో జ కాదు, 'రోజు' అన్నప్పుడు ఒరుసుకుంటూ వచ్చే జ.

ఇలా కట్టుకురండి. ముందు 'రోజు'లోంచి జ ఒక్కటే తీసి సాగదీయండి. సాగదీస్తూనే నాలుక వెనకభాగాన్ని ఊ కి లేపండి, పెదవులు చుట్టకండి. అక్కడినుంచి ы లోకి వదలండి. తర్వాత న్, ద్ రెండూ మెత్తవి, మంచిలో సున్న గుర్తుంది కదా, నాలుక అక్కడికి రావాలి. చివర ఇ, ఇ రెండుసార్లు, రెండోది పొట్టిగా. అంటే నాలుక ఒక్కసారి వెనకనుంచి ముందుకు వచ్చి ఆగుతుంది, మళ్ళీ వెనక్కి పోదు. మొదట ఒక్కో ముక్క, తర్వాత రెండేసి, చివరికి గుక్కతిప్పుకోకుండా మొత్తం.

కొన్ని జాగ్రత్తలు

и రాసి ы పలికే చోట్లు ఇంకా ఉన్నాయి. ж, ш, ц ఎప్పుడూ గట్టివే కాబట్టి వాటి తర్వాత కంటికి и కనిపించినా చెవికి ы. బతకడం అనే жить, బండి అనే машина, సర్కస్ అనే цирк అన్నీ అంతే. దీనికి ఎదురుగా, к, г, х ల తర్వాత ы దాదాపు రాదు, బయటినుంచి వచ్చిన కొన్ని పేర్లలో తప్ప. అక్కడ и ని и లాగే పలకండి.

మెత్తని ర గురించి నేను పెద్దగా పట్టించుకోను. మన ర ఒకేసారి తగిలి వచ్చేస్తుంది, మెత్తని ర కి అది చాలు. నాలుకను ఈ దగ్గర ఉంచితే సరిపోతుంది.

తప్పులన్నీ ఒకే బరువువి కావు. మాట మధ్యలో ы కొంచెం ఇ వైపు జరిగితే సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. лёд ను льёт అంటే ఒక్క క్షణం ఆగుతారు. ఆస్పత్రిలో రోగితో మాట్లాడేటప్పుడు кровь (రక్తం), боль (నొప్పి) లాంటి మాటలు తడుముకోకుండా రావాలి, అవి చివర మెత్తగా ముగుస్తాయి. кровь చివర వ్ మెత్తని ఫ్ లాగా వినిపిస్తుంది. గుర్తు లేని кров అంటే ఇల్లు, నీడ అని అర్థం. మీరు చదవబోయేది వైద్యం కాబట్టి చివరి మెత్తదనాన్ని ы కంటే ముందు పెట్టుకోమంటాను.

సరిగా వస్తుందో లేదో మీ చెవిని మాత్రం అడగకండి. నేర్చుకునే మొదటి నెలల్లో మన చెవి మన నోటినే సమర్థిస్తుంది. పది జంటలు కలగలిపి చదివి ఫోన్లో రికార్డు చేయండి. రష్యన్ వచ్చిన ఎవరికైనా పంపి, వాళ్ళకు వినపడ్డది రాసి పంపమనండి. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు, రాయమంటే నిజం తెలుస్తుంది. అలాంటివాళ్ళు దొరక్కపోతే ఆ రికార్డును వారం పక్కన పెట్టి, వరస మర్చిపోయాక మీరే విని రాయండి. ఏది ఏదో మీకే తెలియకపోతే ఆ జంట ఇంకా కుదరలేదన్నమాట.

రోజుకు పదిహేను నిమిషాలకు మించి వద్దు. నాలుక వెనకభాగం అలసిపోతే దానంతట అదే ముందుకు వచ్చేస్తుంది, ఆ తర్వాత చేసే సాధన తప్పునే గట్టిపరుస్తుంది. రెండు నెలలుగా నేర్చుకుంటున్నానన్నారు కాబట్టి ఇప్పటికే కొన్ని మాటలకు 'ఇ' అలవాటు పడి ఉంటుంది. వాటిని దిద్దడం కంటే ముందు కొత్త మాటలను సరిగా ఎక్కించుకోండి. ты, мы, вы లాంటి పాతవాటికి నెల తర్వాత తిరిగి రండి. угол, уголь చీటీలు మాత్రం ఈ రోజే రాసుకోండి.